ల్యాడర్ మీద వేగం పెరిగింది, కోర్టులో మాత్రం కాక్ దగ్గరికి లేటే

బెజవాడ షటిల్:
నాకు 37. వారానికి నాలుగు రోజులు షటిల్ ఆడతాను, ఎక్కువగా సింగిల్స్. 3 నెలలుగా రోజూ 20 నిమిషాలు నేల మీద పరిచిన ల్యాడర్ గడుల్లో అడుగుల డ్రిల్ చేస్తున్నాను. ల్యాడర్ మీద పాదాలు బాగా కదులుతున్నాయి. కోర్టులో బ్యాక్‌హ్యాండ్ వెనక మూలకి మాత్రం ఎప్పటిలాగే లేటు. ల్యాడర్ ఇంకా పెంచాలా, మానేయాలా?

ఫిట్‌నెస్ రాజు:
మానేయకండి బ్రదర్. 3 నెలలు చాలా తక్కువ. నేను జిమ్‌లో ట్రైనర్‌ని, సాయంత్రం పిల్లల బ్యాచ్ కూడా చూస్తాను. ల్యాడర్‌తో మడమ లేపి ముందుపాదం మీద నిలబడటం అలవాటవుతుంది, పిక్కలు గట్టిపడతాయి, రెండు కాళ్ళకీ లయ కుదురుతుంది. మీరు ఒకే ప్యాటర్న్ చేస్తుంటే మార్చండి. పక్కకి, వెనక్కి, క్రాస్‌గా కలపండి. వేగం అదే వస్తుంది.

ఉదయం నడక:
రోజూ 5 కిలోమీటర్లు పరిగెత్తండి సార్, కాళ్ళకి బలం వస్తే అన్నీ సర్దుకుంటాయి.

పాత రాకెట్:
5 కిలోమీటర్ల పరుగు మూడో గేమ్‌లో ఊపిరికి పనికొస్తుంది, మొదటి అడుగుకి పనికిరాదు. ఆయన అడిగింది మొదటి అడుగు గురించి.

బెజవాడ గారూ, మన సగం కోర్టు 6.7 మీటర్ల పొడవు, సింగిల్స్‌కి 5.18 వెడల్పు. మధ్యలో ఉండే బేస్ నుంచి ఏ మూలకైనా మూడు నాలుగు అడుగులు. ఆ కాస్త దూరంలో పాదాలు ఎంత టకటకలాడినా మిగిలేది తక్కువ. టైమ్ రెండు చోట్ల పోతుంది. ఒకటి, అవతలివాడు కొట్టాక మీరు కదలడం మొదలుపెట్టే లోపు. రెండోది, మూలకి వెళ్ళి ఒంటి బరువంతా ఆపి మళ్ళీ వెనక్కి తోసుకునేటప్పుడు. ల్యాడర్‌లో ఈ రెండూ లేవు. ఏ గడిలో కాలు వేయాలో ముందే తెలుసు, చూపు నేల మీద ఉంటుంది, అడుగు తుంటి కిందే పడుతుంది, గట్టిగా బ్రేక్ వేయాల్సిన పనే రాదు.

ఒక పని చేయండి. ఫోన్‌ని కోర్టు వెనక, మీరూ అవతలివాడూ ఇద్దరూ కనపడేలా పెట్టి స్లో మోషన్‌లో ఒక గేమ్ తీయండి. సెకనుకి 240 ఫ్రేమ్‌లు వచ్చేది పెట్టండి. అతని రాకెట్‌కి కాక్ తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపి, అక్కడి నుంచి, కదిలే ముందు మీరు వేసే చిన్న హాప్ తర్వాత పాదాలు నేలని తాకే దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ దాదాపు 4 మిల్లీసెకన్లు. పది పాయింట్లకి లెక్కేసి ఇక్కడ పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

ఫిట్‌నెస్ రాజు:
ల్యాడర్ వల్ల ఉపయోగం లేదంటున్నారా? పెద్ద పెద్ద ఆటగాళ్ళు ల్యాడర్ చేస్తున్న వీడియోలు నెట్ నిండా ఉన్నాయి.

పాత రాకెట్:
వాళ్ళు రోజుకి ఐదారు గంటలు కోర్టులో ఉంటారు. అందులో వార్మప్‌కి పది నిమిషాలు ల్యాడర్ వాడతారు. మీరు ఆ పది నిమిషాల వీడియో చూసి అదే ట్రైనింగ్ అంటున్నారు.

మియాపూర్ స్మాష్:
నా అనుభవం చెప్తాను. రెండేళ్ళ క్రితం ఒక కోచింగ్‌లో చేరాను, పేరు వద్దు. సిమెంట్ కోర్టు. రోజూ కాక్ లేకుండా ఆరు మూలలకీ వెళ్ళొచ్చే షాడో, 40 రౌండ్లు, మధ్యలో రెస్ట్ లేదు. నా కాళ్ళకి ఉన్నవి మామూలు రన్నింగ్ షూస్, ఎవరూ వద్దనలేదు. ఆరు వారాల్లో మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. మెట్లు దిగలేకపోయాను. నాలుగు నెలలు ఆట బంద్. షాడో అంటేనే భయం నాకు. ల్యాడర్‌తో అయితే ఏ నొప్పీ లేదు. రాజు గారు చెప్పిందే సేఫ్.

పాత రాకెట్:
మీకు జరిగింది అన్యాయం అమ్మా. అయితే దెబ్బ తీసింది షాడో కాదు, 40 రౌండ్లు. ఆరు మూలలు ఒకసారి తిరిగితే పది పన్నెండు సెకన్లు. వేగం కోసమైతే తర్వాత కనీసం 40 సెకన్లు ఆగాలి, అలాంటివి ఆరు, మహా అయితే ఎనిమిది. అలసిన కాలు బ్రేక్ వేయలేదు. అప్పుడు మోకాలు లోపలికి వంగి బరువంతా చిప్ప కింది స్నాయువు మీద పడుతుంది. దానికి తోడు రన్నింగ్ షూ మందమైన సోల్, పక్కకి తిరిగితే చీలమండ కూడా మెలిపడుతుంది.

చెవితో కూడా తెలుసుకోవచ్చు. మొదటి సెట్లో చివరి పెద్ద అడుగు మడమ నుంచి వేళ్ళ దాకా దొర్లుతూ పడుతుంది, చప్పుడు చిన్నగా ఉంటుంది. కాళ్ళు అలిసేసరికి ధబ్ మని పాదమంతా ఒక్కసారే పడుతుంది. ఆ ధబ్ వినపడితే ఆ రోజుకి ఆపేయాలి, ఇంకో రెండు సెట్లు మిగిలున్నా సరే.

గుడివాడ లెఫ్ట్ హ్యాండ్:
హాప్ అన్నారు కదా, రెండు పాదాలూ ఒకేసారి పడాలా, ఒకటి ముందా? మా కోచ్ రెండూ సమానంగా, ఒకేసారి అంటారు.

పాత రాకెట్:
మొదట నేర్చుకునేటప్పుడు రెండూ ఒకేసారి. అలవాటయ్యాక ఎటు వెళ్ళాలో గాల్లో ఉండగానే తెలుస్తుంది, అప్పుడు ఆ వైపుకి దూరంగా ఉన్న కాలు రవ్వంత ముందు నేలని తాకి నెడుతుంది. టెన్నిస్ వాళ్ళలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఫిట్‌నెస్ రాజు:
చూశారా, ఒకసారి ఒకేసారి అంటారు, ఒకసారి ఒకటి ముందు అంటారు. నేను సర్టిఫికెట్ కోర్సులో చదివింది ఒకేసారి అనే.

గుడివాడ లెఫ్ట్ హ్యాండ్:
నాకూ కన్ఫ్యూజన్‌గానే ఉంది. పాదాలు సమానంగానా, రాకెట్ చేతి వైపు కాలు ముందా?

పాత రాకెట్:
మీరు కాక్‌ని ఎత్తుగా వెనక్కి టాస్ వేసి అతని స్మాష్ కోసం చూస్తుంటే సమానంగా. మీరు నెట్ దగ్గర డ్రిబుల్ వేసి అతని జవాబు కోసం చూస్తుంటే రాకెట్ కాలు కొంచెం ముందు. దీని మీద ఇరవై పోస్టులు వద్దు. పాదాలు ఎలా పడ్డాయన్న దానికన్నా ఎప్పుడు పడ్డాయన్నదే ముఖ్యం.

ఫిట్‌నెస్ రాజు:
మీకు నచ్చని ప్రశ్న వస్తే ముఖ్యం కాదంటారు. నా దగ్గర 24 మంది పిల్లలు, రెండు కోర్టులు. ల్యాడర్ మొదలుపెట్టిన రెండు నెలలకి వాళ్ళ కాళ్ళలో తేడా తల్లిదండ్రులే గమనించారు. మీరు ఎవరికి నేర్పారు?

పాత రాకెట్:
నేను ఎవరికీ నేర్పలేదు. యూనివర్సిటీ దాకా ఆడాను. ఇప్పుడు మా అమ్మాయిని కోచింగ్‌కి తీసుకెళ్తున్నాను, తొమ్మిదేళ్ళు. గంటన్నర సెషన్. మొదటి 35 నిమిషాలు ల్యాడర్, కోన్లు. రాకెట్ పట్టుకుని కోర్టులో ఉండేది పావుగంట. ఏడాదిన్నర నుంచి ఫీజు కడుతున్నాను. ల్యాడర్ మీద పిల్ల మెరుపు. ఎదుటివాళ్ళు డ్రాప్ వేస్తే ఇప్పటికీ నిలబడి చూస్తుంది. ఆ పిల్లకి కాళ్ళు లేక కాదు, ఎదుటి రాకెట్‌ని చూడటం ఎవరూ నేర్పలేదు. నా కోపం మీ మీద కాదు రాజు గారూ. కోర్టు ఖాళీ లేక ల్యాడర్ వేస్తారు, దానికి ఫుట్‌వర్క్ అని పేరు పెడతారు.

ఫిట్‌నెస్ రాజు:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. నిజమే, 24 మందిని ఒకేసారి రెండు కోర్టుల్లో దింపలేను. కూర్చోబెడితే పిల్లలు చల్లబడిపోతారు, అల్లరి చేస్తారు. ల్యాడర్ లేకపోతే ఏం చేయించాలి? అది చెప్పండి. తిట్టడం తేలిక.

పాత రాకెట్:
న్యాయమైన ప్రశ్నే. కోర్టు లేకుండా, ల్యాడర్ ఉన్న ఆ సిమెంట్ జాగాలోనే చేయొచ్చు. ఇద్దరిద్దరుగా ఎదురెదురు నిలబెట్టండి, మధ్య నాలుగు మీటర్లు. ఒకరి చేతిలో రాకెట్. అతను కాక్ లేకుండానే స్మాష్‌లాగా రాకెట్ తిప్పుతాడు, రాకెట్ ముందుకి వచ్చే క్షణానికి రెండోవాడు హాప్‌తో గాల్లో ఉండాలి. రాకెట్ ఆగిన చోటు ఎడమైతే ఎడమకి రెండు అడుగులు, కుడైతే కుడికి, కిందికి చూపితే ముందుకి. వెళ్ళాలి, ఆగాలి, తిరిగి రావాలి. ఆరు కదలికలు, తర్వాత ఇద్దరూ తారుమారు. రాకెట్ తిప్పుతున్నంత సేపూ ఆ తిప్పేవాడికి రెస్ట్ దొరికినట్టే. అప్పుడప్పుడు రాకెట్ తిప్పినట్టే తిప్పి మధ్యలో ఆపమనండి. అప్పుడు కూడా కదిలాడంటే ఆ పిల్లాడు చూడటం లేదు, ఊహిస్తున్నాడు.

మియాపూర్ స్మాష్:
ఇది నేనూ చేయగలను అనిపిస్తోంది. మోకాలికి?

పాత రాకెట్:
అడుగు చిన్నగా ఉంచి మొదలుపెట్టండి, చెక్క కోర్టు లేదా మ్యాట్ మీద, గమ్ సోల్ షూస్‌తో. మోకాలు కాలి వేళ్ళ వైపే ఉండాలి. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు నొప్పి పెరిగితే సగానికి తగ్గించండి. నొప్పి ఇంకా ఉంటే ముందు ఫిజియోకి చూపించండి, ఇక్కడ మా మాట వద్దు.

బెజవాడ షటిల్:
వీడియో తీశాను. పది పాయింట్లు లెక్కేశాను. అతని రాకెట్‌కి కాక్ తగిలాక నా పాదాలు నేల తాకడానికి ఎక్కువసార్లు 65 నుంచి 75 ఫ్రేమ్‌లు. అంటే పావు సెకను పైనే. ఇంకో విషయం కనపడింది. నేను హాప్ చేస్తున్నాననే అనుకున్నాను. చేస్తున్నాను కూడా, కానీ కాక్ ఎటు వస్తోందో చూశాక చేస్తున్నాను! నా టాస్ తర్వాత బేస్‌కి నడుచుకుంటూ వచ్చి, మడమలు నేలకి ఆనించి నిలబడి, నా షాట్ ఎక్కడ పడిందో చూస్తూ ఉన్నాను.

పాత రాకెట్:
అంతే. ఆ హాప్ మీకు సాయం చేయడం లేదు, ఇంకో అడుగు ఆలస్యం చేస్తోంది. అతని చెయ్యి ముందుకి కదిలినప్పుడే లేవాలి, తగిలే క్షణానికి గాల్లో ఉండాలి, దిశ కంటికి తెలిసేసరికి దిగాలి. బేస్‌కి పూర్తిగా చేరకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఉంటే అక్కడే హాప్ చేయండి. బేస్ మధ్యలో నిద్రపోవడం కన్నా రెండడుగుల దూరంలో మేలుకుని ఉండటం మంచిది.

బెజవాడ షటిల్:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. రోజు విడిచి రోజు మా తమ్ముడితో ఆరు కదలికల డ్రిల్, ఏడు సెట్లు. మళ్ళీ వీడియో తీస్తే ఎక్కువసార్లు 15 నుంచి 25 ఫ్రేమ్‌లకి దిగుతున్నాను. బ్యాక్‌హ్యాండ్ మూలలో సగం కాక్‌లు ఇప్పుడు తల మీద నుంచే కొడుతున్నాను. ఫోర్‌హ్యాండ్ నెట్ మాత్రం అలాగే ఉంది. వెళ్తున్నాను, ఆగలేక ఇంకో రెండు చిన్న అడుగులు పడుతున్నాయి, ఈలోగా అతను వెనక్కి టాస్ వేసేస్తున్నాడు. ల్యాడర్ అయిదు నిమిషాలకి తగ్గించాను, మానలేదు.

ఫిట్‌నెస్ రాజు:
ఆ అయిదు నిమిషాలు ఉంచండి. మీరు ఇంత త్వరగా పట్టుకోవడానికి 3 నెలల ల్యాడర్ పనికిరాలేదని నేను ఒప్పుకోను. నా బ్యాచ్‌లో 8 మందితో రాకెట్ చూపించే డ్రిల్ మొదలుపెట్టాను. పదేళ్ళ లోపు వాళ్ళు రాకెట్‌ని చూడకుండా పక్కవాణ్ణి చూసి కదులుతున్నారు. దానికేం చేయాలి?

పాత రాకెట్:
పక్కవాడి వైపు వీపు ఉండేలా నిలబెట్టి చూడండి. బెజవాడ గారూ, నెట్ దగ్గర ఆగిన క్షణంలో మీ వెనక కాలు ఎక్కడ ఉందో వీడియోలో ఆపి చూసి చెప్పండి. నేల మీద జారుతూ వస్తోందా, లేక ముందు కాలితో పాటే గాల్లోకి లేస్తోందా?