మ్యాటర్ గుర్తు, థ్రెడ్ రేడియో, రెండు బార్డర్ రౌటర్లు: హబ్ అవసరం నిజంగా తీరిపోయిందా?

దీపశిఖ

వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలను ఒకే పద్ధతిలో మాట్లాడించే ప్రమాణం మ్యాటర్, దాని గుర్తు ఉంటే హబ్ అక్కరలేదని చదివి వేర్వేరు కంపెనీల పరికరాలు కొన్నాను. తలుపు సెన్సర్ ఒకరిది, ప్లగ్గులు మరొకరివి, రెండూ థ్రెడ్ రేడియో మీద నడిచేవే. ఒక కంపెనీ స్పీకరు, ఇంకో కంపెనీ టీవీ బాక్సు ఉన్నాయి. రెండింటిలోనూ థ్రెడ్‌ను ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే బార్డర్ రౌటర్ ఉంది. సెన్సర్‌ను స్పీకరు యాప్‌లో, ప్లగ్గులను టీవీ బాక్సు యాప్‌లో చేర్చాను. వెనక గదిలోని సెన్సర్ తరచూ స్పందించడం మానేస్తోంది. మధ్యలో ప్లగ్గులు ఉన్నా ఎందుకిలా? హబ్ లేకుండా నడుస్తుందన్నది అసలు నిజమేనా?

సూటిమాట

నిజమే. మ్యాటర్ 1.0 వచ్చిన 2022 అక్టోబరు నుంచి మ్యాటర్ గుర్తున్న ఏ కంపెనీ బల్బైనా, ఏ కంపెనీ ప్లగ్గైనా ఇంటి నెట్‌వర్క్ మీద ఒకే పద్ధతిలో మాట్లాడుతున్నాయి కాబట్టి ప్రతి కంపెనీకీ ఒక్కొక్క డబ్బా పెట్టుకునే రోజులు పోయాయి. మీ సమస్యకు పరిష్కారం తేలిక. స్పీకరు యాప్‌లో సెన్సర్ సెట్టింగుల్లోకి వెళ్లి జత చేసే మోడ్‌ను తెరిస్తే 11 అంకెల కోడ్ వస్తుంది, దానితో సెన్సర్‌ను టీవీ బాక్సు యాప్‌లో కూడా చేర్చండి. ఒకే పరికరం కనీసం 5 వ్యవస్థల్లో ఉండగలదని ప్రమాణమే చెబుతోంది. అప్పుడు స్పీకరు, టీవీ బాక్సుల్లో ఏది దగ్గరగా ఉంటే సెన్సర్ దానినే పట్టుకుంటుంది, ప్లగ్గులు కూడా దానికి దారి ఇస్తాయి.

తరంగిణి

సూటిమాట గారు చెప్పినదాంట్లో కోడ్, 5 వ్యవస్థల సంగతి సరైనదే. చివరి వాక్యం మాత్రం సరికాదు, దీపశిఖ గారి ఇబ్బందికి మూలం కూడా సరిగ్గా అక్కడే ఉంది.

మ్యాటర్, థ్రెడ్ రెండు వేర్వేరు పొరలు. ఈ పరికరం మీద ఎవరికి అధికారం ఉంది, ఆదేశం ఏ రూపంలో రావాలి అన్నది మ్యాటర్ చూసుకుంటుంది. ఆ ఆదేశం గాలిలో ఏ దారిన వస్తుందన్నది థ్రెడ్ పని. సెన్సర్‌ను మొదటిసారి చేర్చినప్పుడు ఫోను బ్లూటూత్ ద్వారా దానికి ఒక థ్రెడ్ నెట్‌వర్క్ వివరాలను, అంటే పేరు, ఛానెల్, రహస్య కీ వంటివాటిని అందిస్తుంది. మీరు స్పీకరు యాప్ వాడారు కాబట్టి అది స్పీకరు నెట్‌వర్క్ కీ అయి ఉండవచ్చు. తర్వాత ఎన్ని యాప్‌లలో చేర్చినా పెరిగేది అధికారం ఉన్నవారి సంఖ్య మాత్రమే. సెన్సర్ రేడియో ఆ మొదటి నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. టీవీ బాక్సు సెన్సర్‌తో మాట్లాడాలంటే వైఫై మీదుగా స్పీకరు దగ్గరకు వచ్చి, స్పీకరు ద్వారా థ్రెడ్‌లోకి దిగాలి. అందుకే స్పీకరు ప్లగ్ పీకేస్తే, దానితో పాటు టీవీ బాక్సు యాప్‌లో కూడా సెన్సర్ మాయమవుతుంది, టీవీ బాక్సులో తన సొంత బార్డర్ రౌటర్ ఉన్నా సరే.

ప్లగ్గులదీ ఇదే కథ. కరెంటు మీద నడిచే థ్రెడ్ పరికరాలు సాధారణంగా రౌటర్లుగా పనిచేసి ఇతరుల సందేశాలను మోస్తాయి. బ్యాటరీ సెన్సర్ ఎక్కువ సమయం నిద్రపోతూ, అప్పుడప్పుడు మేలుకుని తనకు దారి ఇచ్చే పేరెంట్ రౌటర్‌ను మాత్రమే పలకరిస్తుంది. మీ ప్లగ్గుల దగ్గర టీవీ బాక్సు నెట్‌వర్క్ కీ ఉంటే, సెన్సర్ వాటి పక్కనే ఉన్నా ఆ సందేశాలను విప్పలేదు. అది దూరంగా ఉన్న స్పీకరును పట్టుకుని వేలాడుతోందన్నమాట.

ఊహ కాకుండా రుజువు కావాలంటే, అదే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న లైనక్స్ కంప్యూటర్‌లో ఇది నడపండి:

```
avahi-browse -rt _meshcop._udp
```

ప్రతి బార్డర్ రౌటర్ తన గురించి తాను ప్రకటించుకునే వివరాలు కనిపిస్తాయి. వాటిలో `nn` అన్నది థ్రెడ్ నెట్‌వర్క్ పేరు, `xp` దాని గుర్తింపు సంఖ్య, `tv` థ్రెడ్ వెర్షన్. రెండు బార్డర్ రౌటర్లకూ `xp` ఒకటే అయితే నా అనుమానం తప్పు, మనం వేరే కారణం వెతకాలి. వేరైతే మీ ఇంట్లో రెండు విడివిడి థ్రెడ్ నెట్‌వర్క్‌లు ఉన్నట్లే. `nn` ఒకేలా ఉందని నమ్మేయవద్దు, పేర్లు కలవవచ్చు.

పాతబల్బు

మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. నావి పాత జిగ్‌బీ బల్బులు. జిగ్‌బీ, థ్రెడ్ రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకే 802.15.4 రేడియోను వాడతాయని విన్నాను. మరి ఆ స్పీకరులోని బార్డర్ రౌటర్ నా బల్బులను నేరుగా పట్టుకోవాలి కదా? కంపెనీ బ్రిడ్జ్‌ను తీసేద్దామంటే ఒక్క బల్బు కూడా కనిపించడం లేదు. ఈ మ్యాటర్ అంతా కొత్త సరుకు అమ్ముకోవడానికేనా?

తరంగిణి

పాతబల్బు గారూ, మీది దీపశిఖ గారి సమస్య కాదు. అయినా హబ్ ఎక్కడ తప్పదో మీ ఇల్లే బాగా చూపిస్తోంది. రేడియో ఒకటే అన్నమాట నిజం, కానీ దాని మీద నడిచేది వేరు. థ్రెడ్ పరికరానికి ఐపీవీ6 చిరునామా ఉంటుంది. బార్డర్ రౌటర్ చేసే ముఖ్యమైన పని ప్యాకెట్‌ను ఇటునుంచి అటు దాటించడం. మ్యాటర్ సందేశం మొదటి నుంచి చివరి దాకా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి, దాటించడానికి లోపల ఏముందో దానికి తెలియనవసరం లేదు. జిగ్‌బీ బల్బుకు అలాంటి చిరునామా లేదు. అది చెప్పేదాన్ని విని, అర్థం చేసుకుని, మ్యాటర్ రూపంలో తిరగరాసే పరికరం ఒకటి మధ్యలో ఉండితీరాలి. మీ బ్రిడ్జ్ చేసేది అదే.

అందువల్ల దాన్ని తీసేయవద్దు, దానికి మ్యాటర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జ్‌కు 2023లో అలాంటి అప్‌డేట్ వచ్చింది. అప్పుడు బ్రిడ్జ్‌ను ఒక్కదాన్నే ఒక కోడ్‌తో చేరిస్తే దాని వెనక ఉన్న బల్బులన్నీ కొత్త యాప్‌లోకి వస్తాయి. పరిమితి కూడా చెప్పాలి: ఆన్, ఆఫ్, వెలుతురు, రంగు వంటివి వస్తాయి గాని, కంపెనీ సొంతంగా తయారుచేసిన ప్రత్యేక వెలుగుల ఎఫెక్టులు చాలావరకు కంపెనీ యాప్‌లోనే ఉండిపోతాయి.

దీపశిఖ

తరంగిణి గారు చెప్పినట్లే నడిపి చూశాను. రెండు వరుసలు వచ్చాయి. `nn` పేర్లు వేరు, `xp` కూడా వేరు. స్పీకరుకు `tv=1.3.0`, టీవీ బాక్సుకు `tv=1.4.0` అని ఉంది. ఇప్పుడు ఏది తీసేయాలి?

సూటిమాట

అంగీకరిస్తున్నాను, యాప్‌లలో పంచుకున్నంత మాత్రాన దారి మారదు. అయితే నా సలహా ఇంకా సరళమైంది: ఒకే కంపెనీ బార్డర్ రౌటర్‌ను ఉంచుకుని రెండోదాన్ని వదిలేయండి. రెండు ఉంటే గందరగోళం తప్ప లాభం లేదు.

తరంగిణి

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఒకే థ్రెడ్ నెట్‌వర్క్‌లో రెండు బార్డర్ రౌటర్లు ఉండటం ఎంతో మేలు, ఎందుకంటే ఒకటి ఆగిపోతే రెండోది బయటికి దారి ఇస్తుంది. ఒక్కటే ఉంటే అది ఆగిన క్షణం నుంచి థ్రెడ్ పరికరాలు తమలో తాము బాగానే మాట్లాడుకుంటున్నా, ఫోనుకు మాత్రం అన్నీ చచ్చిపోయినట్లే కనిపిస్తాయి. గందరగోళం రెండు బార్డర్ రౌటర్ల వల్ల రాలేదు, రెండు నెట్‌వర్క్‌ల వల్ల వచ్చింది.

2024 సెప్టెంబరులో వచ్చిన థ్రెడ్ 1.4, ఒక కంపెనీ బార్డర్ రౌటర్ మరో కంపెనీ నెట్‌వర్క్ వివరాలను తీసుకుని అందులో చేరే పద్ధతిని ప్రమాణంలో భాగం చేసింది. మీ స్పీకరు ఇంకా 1.3లో ఉంది కాబట్టి ఆ సౌకర్యం మీద ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దు. అప్‌డేట్ వచ్చాక కూడా, ఇదివరకే విడిగా ఏర్పడిన రెండు నెట్‌వర్క్‌లు వాటంతటవే ఒకటవుతాయని అనుకోకండి.

ఈలోగా చేయగలిగింది ఇది. ప్లగ్గులను టీవీ బాక్సు యాప్ నుంచి తొలగించి, రీసెట్ చేసి, ముందుగా స్పీకరు యాప్‌లో చేర్చండి. ఆ తర్వాత స్పీకరు యాప్‌లో జత చేసే మోడ్ తెరిచి, అక్కడ వచ్చే కొత్త కోడ్‌తో టీవీ బాక్సు యాప్‌లో చేర్చండి. ప్లగ్ మీద అచ్చయిన కోడ్ ఈ రెండో విడతలో పనిచేయదు, కొత్త కోడ్‌కు కూడా గరిష్ఠంగా 15 నిమిషాలే గడువు. చివరగా సెన్సర్ బ్యాటరీని ఒకసారి తీసి పెట్టండి. ఉన్న పేరెంట్‌తో లింకు తెగేదాకా చాలా బ్యాటరీ పరికరాలు కొత్త పేరెంట్‌ను వెతకవు, బలహీనమైన పాత లింకునే పట్టుకుని ఉంటాయి.

గవాక్షం

దారి సంగతి తేలింది గాని, దీపశిఖ గారి రెండో ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. తలుపు తెరుచుకుంటే ప్లగ్ వెలగాలని మీరు ఒక నియమం పెట్టారనుకోండి. ఆ నియమం సెన్సర్‌లో ఉండదు, ప్లగ్‌లోనూ ఉండదు. ఎప్పుడూ మేలుకుని ఉండే కంట్రోలర్ ఒకటి సెన్సర్ స్థితిని వింటూ, మార్పు రాగానే ప్లగ్‌కు ఆదేశం పంపుతుంది. మీ ఇంట్లో ఆ పని స్పీకరో టీవీ బాక్సో చేస్తోంది. దాన్ని ఆపేస్తే సెన్సర్, ప్లగ్ రెండూ క్షేమంగా ఉన్నా నియమం నడవదు. ఇంటి బయటి నుంచి చూసుకోవడమూ అంతే: మ్యాటర్ పనిచేసేది ఇంటి నెట్‌వర్క్ లోపల, బయటి నుంచి దారి ఇచ్చేది ఆ కంట్రోలరూ దాని కంపెనీ సర్వరూను. వైఫై మీద నడిచే మ్యాటర్ ప్లగ్ కొంటే బార్డర్ రౌటర్ అవసరం తప్పుతుంది, ఈ కంట్రోలర్ అవసరం తప్పదు.

సూటిమాట

మ్యాటర్‌లో బైండింగ్ ఉంది కదా? స్విచ్ నేరుగా బల్బుకు ఆదేశం ఇవ్వగలదు, మధ్యలో కంట్రోలర్ అక్కరలేదు.

గవాక్షం

ఉంది, నాకు ఎంతో నచ్చే సౌకర్యం అది. కంట్రోలర్ ఆగిపోయినా గోడ స్విచ్ నొక్కితే లైటు వెలగాలని కోరుకునే ప్రతి ఇంటికీ అది కావాలి. కానీ ఒక్కసారి సిద్ధం చేయడానికైనా, స్విచ్‌కు బల్బు చిరునామా రాసి, స్విచ్ మాట వినేందుకు బల్బులో అనుమతి రాసే యాప్ కావాలి. రెండూ ఒకే వ్యవస్థలో ఉండాలి. అలాంటి అవకాశం చూపించే యాప్‌లు చాలా తక్కువ. దీపశిఖ గారి తలుపు సెన్సర్‌కైతే ఇది పనికిరాదు, ఎందుకంటే ఆ రకం సెన్సర్ తన స్థితిని అడిగినవారికి చెబుతుందే గాని మరో పరికరానికి ఆదేశం పంపదు.

దీపశిఖ

ప్లగ్గులన్నిటినీ స్పీకరు నెట్‌వర్క్‌లోకి మార్చాను. బ్యాటరీ తీసి పెట్టాక వెనక గది సెన్సర్ తలుపు తీసిన వెంటనే రెండు యాప్‌లలోనూ స్పందిస్తోంది. `avahi-browse` మాత్రం ఇప్పటికీ రెండు `xp`లు చూపుతోంది, అంటే టీవీ బాక్సు తన ఖాళీ నెట్‌వర్క్‌ను నడుపుకుంటూనే ఉంది. స్పీకరు ఆగితే అన్నీ పోతాయన్న భయం అలాగే ఉంది కాబట్టి, 1.4 టీవీ బాక్సును 1.3 స్పీకరు నెట్‌వర్క్‌లో చేర్చగలిగినవారు ఎవరైనా ఉంటే, ఏ యాప్ ద్వారా చేశారో రాయండి.

పాతబల్బు

నా బ్రిడ్జ్‌కు అప్‌డేట్ ఉంది. బల్బులన్నీ ఒక్క కోడ్‌తో వచ్చాయి, కానీ గది మొత్తానికి ఒకేసారి ఆన్ చేస్తే కొత్త యాప్‌లో ఒకదాని వెనక ఒకటి వెలుగుతున్నాయి, కంపెనీ యాప్‌లో కలిసి వెలుగుతున్నాయి. ఇది బ్రిడ్జ్ లోపమా, కొత్త యాప్ లోపమా?

తరంగిణి

కంపెనీ యాప్ బ్రిడ్జ్‌కు ఒకే గ్రూపు ఆదేశం ఇస్తుంది, కొత్త యాప్ ఒక్కో బల్బుకు విడిగా ఇస్తోందేమో అని నా అనుమానం. కొన్ని బ్రిడ్జ్‌లు గదిని కూడా ఒక లైటుగా మ్యాటర్‌లోకి పంపగలవు, సెట్టింగుల్లో అలాంటిది ఉందేమో చూసి చెప్పండి. లేకపోతే గది లైట్లకు మాత్రం పాత యాప్‌నే వాడుకోవడం మంచిది.