పట్టా తప్పుతున్న కిటికీ రెక్క

రెండో అంతస్తు: మా పడకగదిలోని అల్యూమినియం జారుడు కిటికీ పదకొండేళ్లనాటిది. ఒక రెక్కను రెండు చేతులతో నెట్టాల్సి వస్తోంది. సగం దాకా వచ్చాక కింది అంచు టక్కున పట్టా దిగి ఒరుగుతోంది. కొబ్బరినూనె పోస్తే రెండు రోజులు బాగుంది, తర్వాత మరింత మొరాయిస్తోంది.

పెరటి వేప: నూనె పోస్తారా ఎవరైనా! గ్రీజు రాయండి.

కిటికీల పనివాడిని: నూనె తప్పన్నది నిజమే, కానీ గ్రీజు అంతకంటే జిగట. దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది. ముందు ఒకటి చూడండి. రెక్కను మూసేస్తూ చట్రానికి కాస్త దూరంలో ఆపండి. ఆ సందు పైనా కిందా ఒకేలా ఉందా?

రెండో అంతస్తు: పైన దాదాపు తగులుతోంది. కింద చిటికెనవేలు పడుతుంది. పట్టా మీద నల్లటి పొడి కూడా ఉంది.

కిటికీల పనివాడిని: చట్రం వైపు రోలరు కుంగింది. రెక్క అంచే పట్టాను రాస్తోంది, ఆ పొడి అరిగిన అల్యూమినియమే. రెక్క తీయక తప్పదు. దోమతెర రెక్క లోపలి వైపు ఉంటే ముందు దాన్ని తీయండి. తర్వాత రెక్కను మధ్యకు జరిపి, నిటారుగా పైకెత్తి, కింది అంచును గదిలోకి లాగండి. పైకి లేవకపోతే పై పట్టాలో అడ్డుముక్క ఉందేమో చూసి, దాని స్క్రూ విప్పండి. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉంటే 5 మిల్లీమీటర్ల అద్దమే తొమ్మిది కిలోల పైన తూగుతుంది. ఇద్దరు పట్టుకోండి.

గోదారి గట్టు: మా బీరువా జారుడు తలుపు కూడా ఇలాగే దిగిపోతోంది. ఇదే పద్ధతా?

కిటికీల పనివాడిని: మీది పైనుంచి వేలాడే రకమైతే బరువంతా పై చక్రాలదే. అది వేరే పని. కిటికీ సంగతికొస్తే, రోలర్లు కింది అంచులో రెండు చివర్లా ఉంటాయి. సబ్బునీళ్లతో పాత పళ్ల బ్రష్షు పెట్టి రుద్దాక కూడా చక్రం తిరగకపోయినా, గాడి చదునైపోయినా రెండూ మార్చండి. పాత రోలరును దుకాణానికి పట్టుకెళ్లండి. చక్రం ఒక్కటే సరిపోతే చాలదు, దాని గూడు వెడల్పు, ఎత్తు కూడా కలవాలి. బిగించాక, రెక్క పక్క అంచు అడుగున ఉండే స్క్రూను అర చుట్టు చొప్పున తిప్పుతూ సందు సమం చేయండి. కొన్ని పాత రకాలకు ఆ స్క్రూ ఉండదు.

రెండో అంతస్తు: మార్చాను. ఒక చక్రానికి జుట్టు దారపుకండెలా చుట్టుకుంది, ఒక పక్క చదునుగా అరిగింది. ఇప్పుడు వేలితో నెడితే జరుగుతోంది. కానీ మధ్యలో రెండంగుళాల మేర పట్టా వంగి ఉంది, అక్కడ ఇంకా ఎగురుతోంది.

కిటికీల పనివాడిని: గుడ్డ చుట్టిన పటకారుతో కొంచెం కొంచెంగా సరిచేయండి. ఒక్కసారిగా వంచితే విరుగుతుంది. మరీ అరిగితే పైన స్టీలు పట్టీ తొడుగుతాం.

పెరటి వేప: మాకు ఆ పట్టీ వేశాక రెక్క ఎత్తు పెరిగి, గడియ కలవడం మానేసింది.

కిటికీల పనివాడిని: స్క్రూ ఉంటే దించుకోవచ్చు. లేకపోతే గడియను మార్చి బిగించాలి. ఈ కిటికీకి ఏది అవసరమో చూడకుండా చెప్పలేను.

రెండో అంతస్తు: ముందు పటకారుతోనే ప్రయత్నిస్తాను. పట్టా మూలల్లోని నీటి రంధ్రాలు మట్టితో మూసుకున్నాయని కూడా ఇప్పుడే చూశాను. వానకు గోడ తడిసేది అందుకేనేమో.