తొమ్మిది నెలల బాబుకు మలబద్ధకం: నెల రోజులు మందుతో చూడాలా, ఇప్పుడే పట్నం తీసుకెళ్ళాలా?

దేవరకొండ కోడలు:
మా బాబుకు తొమ్మిది నెలలు. పుట్టినప్పటి నుంచీ మలబద్ధకమే. నాలుగైదు రోజులకు ఒకసారి, అదీ మా అత్తమ్మ తమలపాకు తొడిమకు ఆముదం రాసి పెడితేనే అవుతుంది. ఇక్కడి డాక్టరు గారు లాక్టులోజ్ సిరప్ రాసి నెల రోజులు చూద్దామన్నారు. పది రోజులైంది, తేడా లేదు. కడుపు ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది, బరువు సరిగా పెరగడం లేదు. నెల పూర్తయ్యే దాకా ఆగమని ఇంట్లో అంటున్నారు. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

కల్వకుర్తి నానమ్మ:
భయపడకు బిడ్డా. నేను నలుగురిని కని, ఏడుగురు మనవలను పెంచాను. తొడిమ పెట్టగానే అవుతోందంటే పేగు బాగానే పని చేస్తోందన్నమాట. నాలుగు ఎండు ద్రాక్షలు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి ఆ నీళ్ళు తాగించు. పళ్ళు వచ్చే వయసులో పిల్లలు చిక్కడం మామూలే.

మర్రిగూడ రైతు:
అమ్మా, మీరు తాగేది బోరు నీళ్ళా, భగీరథ నీళ్ళా? మా మండలంలో ఫ్లోరైడ్ ఏం చేసిందో లోకమంతా చూసింది. ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. అన్ని రోగాలకూ మూలం అక్కడే ఉంది.

మిర్యాలగూడ మందుల షాపు:
డాక్టరు గారు నెల అన్నప్పుడు నెల ఆగాలి కదా. మలబద్ధకంతో వచ్చే పిల్లల్లో నూటికి తొంభై అయిదు మందికి లోపల ఏ జబ్బూ ఉండదు. పైగా తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు వారం రోజులు వెళ్ళకపోయినా కంగారు పడనక్కర లేదు. పట్నం వెళితే ఎక్స్‌రేలు, స్కానింగులు అంటూ వేలు ఖర్చు పెట్టిస్తారు. వేదికల్లో తల్లులను హడలగొట్టడం ఈ మధ్య ఎక్కువైంది.

పాలమూరు సిస్టర్:
నేను పిల్లల శస్త్రచికిత్స వార్డులో పదకొండేళ్ళు పని చేశాను. సలహా ఇచ్చే ముందు నాలుగు సంగతులు తెలియాలి చెల్లెమ్మా.

పుట్టాక మొదటి నల్లటి విరేచనం ఎన్ని గంటలకు అయింది? అంగన్‌వాడీలో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డులో నెలనెలా ఎంత బరువు రాశారు? వాంతులు ఉన్నాయా, ఉంటే ఏ రంగు? తొడిమ పెట్టినప్పుడు ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు రాయండి. సిగ్గుపడకండి.

దేవరకొండ కోడలు:
అక్కా, కార్డు ముందు పెట్టుకుని రాస్తున్నాను. పుట్టినప్పుడు 2.8 కిలోలు. అయిదో నెలలో 6.2, ఆరో నెలలో 6.5, ఏడులో 6.6. ఇప్పుడు తొమ్మిదిలో కూడా 6.6. అంగన్‌వాడీ టీచరు పెట్టిన చుక్కలు ఆకుపచ్చ పట్టీలో నుంచి పసుపు పట్టీలోకి దిగాయి. మొదటి విరేచనం మూడో రోజు అయింది, అదీ నర్సమ్మ ఏదో లోపల పెట్టాక. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తొడిమ పెట్టి తీయగానే గాలి, పలుచటి మలం పిచికారీ కొట్టినట్టు వస్తుంది. అత్తమ్మ చీర రెండుసార్లు పాడైంది. కడుపు అరగంట మెత్తబడి, సాయంత్రానికి మళ్ళీ ఉబ్బుతుంది. పోయిన వారం రెండుసార్లు పసరు వాంతి చేసుకున్నాడు.

పాలమూరు సిస్టర్:
ఇక నెల లెక్క మర్చిపోండి. ఈ వారం కాదు, రేపు పొద్దున బయలుదేరండి. ఎందుకో చెబుతాను.

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మొదటి 24 గంటల్లోనే ఆ నల్లటి విరేచనం చేస్తారు. 48 గంటలు దాటిందంటే పేగులో అడ్డు ఉందేమో అని డాక్టర్లు ఆలోచించాలి. మీ బాబుకు మూడో రోజు, అదీ సాయం చేస్తే అయింది. పెద్ద పేగు చివరి భాగంలో నాడీకణాలు లేకుండా పుట్టే పిల్లలు ఉంటారు. దాన్ని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు అంటారు. సుమారు అయిదు వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. నాడీకణాలు లేని ఆ భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, వదులు కాదు. పైనున్న పేగు తోసి తోసి ఉబ్బిపోతుంది.

నానమ్మ గారు తొడిమతో అవుతోంది కాబట్టి పేగు బాగుందన్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. బిగుసుకున్న దారిని తొడిమ ఒక్క నిమిషం తెరుస్తుంది, పైన నిలిచినదంతా ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. వార్డులో సర్జన్ వేలు పెట్టి చూసినప్పుడు కూడా ఇదే. లోపల ఖాళీగా, వేలిని బిగించి పట్టినట్టు ఉంటుంది. వేలు తీయగానే పిచికారీ. మామూలు మలబద్ధకంలో వేలికి గట్టి ముద్ద తగులుతుంది. లాక్టులోజ్ మలాన్ని మెత్తబరుస్తుంది కానీ బిగుసుకున్న దారిని తెరవలేదు. పది రోజుల్లో తేడా రాకపోవడం మందు తప్పు కాదు.

మందుల షాపు తమ్ముడూ, మీరు చెప్పిన తొంభై అయిదు నిజమే. కానీ వాళ్ళలో ఎక్కువ మందికి ఇబ్బంది మొదలయ్యేది తల్లిపాలు మాని అన్నం, గేదె పాలు పట్టించినప్పుడో, దొడ్డికి కూర్చోవడం నేర్పేటప్పుడో. వాళ్ళు బరువు పెరుగుతారు, పసరు కక్కరు. వారం రోజుల మాటా సరైనదే, కానీ అది తల్లిపాలతోనే బాగా పెరుగుతూ, మెత్తగా వెళ్ళే పిల్లలకు వర్తిస్తుంది. ఈ బాబు బరువు రెండు నెలలుగా ఆగిపోయింది.

రైతన్నా, మీ మండలం బాధ నాకు తెలుసు. కానీ ఫ్లోరైడ్ ఎముకలను దెబ్బ తీయడానికి ఏళ్ళు పడుతుంది. పుట్టిన మూడో రోజు జరిగినదానికి బోరు నీళ్ళు కారణం కావు.

వనపర్తి అమ్మ:
మా పాపకూ ఇదే సమస్య! నాలుగేళ్ళు. వస్తుందనగానే తలుపు చాటుకు వెళ్ళి కాళ్ళు మెలివేసుకుని, మొహం ఎర్రబడేలా బిగబడుతుంది. అయినప్పుడు ఇంత లావు. చెడ్డీకి మరకలు. మాకూ ఆ జబ్బుకు పరీక్ష చేయించాలా? రాత్రి నుంచి నిద్ర లేదు.

పాలమూరు సిస్టర్:
వద్దమ్మా, పడుకోండి. మీ పాప నొప్పికి భయపడి ఆపుకుంటోంది. లావుగా అవడం, చెడ్డీకి మరకలు మామూలు రకానికి గుర్తులు. బరువు పెరుగుతూ, వాంతులు లేకుండా ఉంటే మీ డాక్టరు ఇచ్చే మందు నెలల తరబడి ఆపకుండా వాడండి. బాగైందని వారంలో మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

నాగర్‌కర్నూల్ ల్యాబ్:
ఎవరూ థైరాయిడ్ మాట ఎత్తలేదేం? ఎదుగుదల లేకపోవడం, మలబద్ధకం, రెండూ దానికి సరిపోతాయి. ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది కదా.

పాలమూరు సిస్టర్:
చేయించాల్సిందే, కాదనను. కానీ థైరాయిడ్ తక్కువైతే పసరు వాంతి రాదు. ఆ ఫలితం కోసం ప్రయాణం ఆపవద్దు.

దేవరకొండ కోడలు:
రాత్రి పదకొండయింది అక్కా. అత్తమ్మ ఊపిరి పీల్చుకుంది, ఎందుకంటే సాయంత్రం నుంచి తొడిమ లేకుండానే నాలుగుసార్లు విరేచనాలు అయ్యాయి. పలుచగా, భరించలేని వాసన. జ్వరం 101 ఉంది. కడుపు డప్పులా ఉంది, చర్మం మెరుస్తోంది. పాలు తాగడం లేదు. మందు పని చేసిందంటున్నారు. పొద్దున్నే వెళ్ళాలా?

కల్వకుర్తి నానమ్మ:
కడుపులో ఉన్న చెడు అంతా పోతోంది, మంచిదే. వేడి చేసి ఉంటుంది. పొద్దున చూసుకోండి.

పాలమూరు సిస్టర్:
పొద్దున కాదు, ఇప్పుడే. నానమ్మ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ ఒక్క మాట వినవద్దు.

మామూలు మలబద్ధకం జ్వరం తేదు. నిలిచిపోయిన మలంలో సూక్ష్మజీవులు పెరిగి పేగు గోడ వాచితే ఇలా అవుతుంది. నీరు పేగులోకి ఊరి, కుళ్ళు వాసనతో పలుచగా పోతుంది. చూసేవాళ్ళు మలబద్ధకం విడిచిందనుకుంటారు. ఆ పొరపాటుతో తెల్లారే దాకా ఆగి తెచ్చిన పిల్లలను నేను ఎత్తుకున్నాను, ఒంట్లో పట్టు లేకుండా వేలాడుతూ ఉంటారు.

108కి ఫోన్ చేయండి. నేరుగా పట్నం వెళ్ళవద్దు, దారి సుమారు వంద కిలోమీటర్లు. ముందు దగ్గరలో పిల్లల డాక్టరు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టించండి, అక్కడి నుంచి అంబులెన్సులో పంపిస్తారు. ఆముదం, సిరప్, తొడిమ, ఎనిమా ఏదీ వద్దు. విరేచనాలు ఆగే మందు అసలే వద్దు. తల్లీబిడ్డ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు సంచిలో పెట్టుకోండి. డాక్టరుకు మొదటి వాక్యంలోనే చెప్పండి: మూడో రోజు మొదటి విరేచనం, పసరు వాంతి, ఇప్పుడు జ్వరం.

దేవరకొండ కోడలు:
అయిదు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆ రాత్రి జిల్లా ఆసుపత్రిలో ముక్కు నుంచి కడుపులోకి సన్నని గొట్టం వేస్తే పసరు సీసాలోకి దిగింది. అక్కడి నుంచి పట్నం పంపారు. ఇక్కడ మలద్వారం నుంచి మెత్తటి గొట్టంతో గోరువెచ్చని సెలైన్ కొంచెం కొంచెంగా పంపి కడిగారు, రోజుకు కొన్నిసార్లు. మూడో రోజుకు జ్వరం తగ్గింది. నిన్న నవ్వాడు. మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో కింద సన్నగా, పైన వెడల్పుగా కనిపించిందట. లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, ఇంకా రాలేదు. అదే జబ్బని తేలితే బరువు కాస్త పెరిగాక ఆపరేషన్ అంటున్నారు. ఆపరేషన్ అయితే ఇక ఈ భయం ఉండదు కదా అక్కా?

పాలమూరు సిస్టర్:
నాడీకణాలు లేని పేగు తీసేసి మంచి పేగును కిందికి కలుపుతారు. చాలామంది బాగా పెరుగుతారు. కానీ ఆ జ్వరం, ఉబ్బరం ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి మళ్ళీ వస్తాయి. కుట్లు మానాయి కదా అని ఊరుకోకండి. కడుపు ఉబ్బి, వాసనతో విరేచనాలు, జ్వరం కలిసి వస్తే ఆ రాత్రే బయలుదేరాలి.

మిర్యాలగూడ మందుల షాపు:
బాబు బాగున్నందుకు సంతోషం. కానీ నా మాట వెనక్కి తీసుకోను. ఈ చర్చ చదివి రేపు పది మంది తల్లులు రెండు రోజుల మలబద్ధకానికి పట్నం బస్సు ఎక్కుతారు.

పాలమూరు సిస్టర్:
ఎక్కితే ఎక్కనివ్వండి, బస్సు ఛార్జీ పోతుంది. అయినా మీ మాటలో కొంత నిజం ఉంది. కాబట్టి మీ షాపులో లాక్టులోజ్ అడిగిన ప్రతి తల్లినీ మూడు ప్రశ్నలు అడగండి: పుట్టాక మొదటి విరేచనం ఎప్పుడు, బరువు పెరుగుతోందా, పసరు వాంతి ఉందా? వాళ్ళలో ఎవరిని పంపాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

కల్వకుర్తి నానమ్మ:
మా రెండోవాడికి కూడా మొదటి విరేచనం మూడో రోజే అయింది. వాడికిప్పుడు నలభై ఏళ్ళు, ఎద్దులా ఉన్నాడు. దానికేమంటావు సిస్టరమ్మా?