లోన్ రీస్ట్రక్చరింగ్ లెటర్‌లో ఎంత కట్టగలమో మనమే రాయాలా?

జీతగాడు: జీతం 60 వేల నుంచి 45 వేలకు పడిపోయింది. పర్సనల్ లోన్ ఇంకా 6 లక్షలుంది, వడ్డీ 12 శాతం, 36 నెలలు మిగిలాయి, ఈఎంఐ సుమారు 19,930. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. ఈఎంఐ తగ్గించమని బ్యాంకు మేనేజర్‌కి ఇచ్చే లెటర్‌లో ఎంత కట్టగలనో నేనే రాయాలా, ఆయనకే వదిలేయాలా?

ఎదురీత: రాయొద్దు. మనం ముందే అంకె చెబితే బేరానికి చోటుండదు. ఆరు నెలలు ఈఎంఐ ఆపమనండి చాలు.

మాజీ లోన్ ఆఫీసర్: ఈఎంఐ ఆగినా వడ్డీ ఆగదండీ. ఆరు నెలలకి బాకీ 6.37 లక్షలవుతుంది. దాన్ని మళ్లీ 36 నెలల్లోనే తీర్చాలంటే ఈఎంఐ 21 వేలు దాటుతుంది. పాత జీతం తిరిగొస్తుందన్న కాగితం చేతిలో ఉంటేనే ఆ దారి పనికొస్తుంది.

అంకె తప్పకుండా రాయండి. చాలాసార్లు నిర్ణయం మేనేజర్‌ది కాదు, ఆయన నోట్ రాసి పై ఆఫీసుకి పంపాలి. "దయచేసి సాయం చేయండి" అని ఊరుకుంటే ఆ నోట్‌లో ఆయన ఏం రాస్తారు? నేనైతే ఇలా రాస్తాను:

"గౌరవనీయులైన మేనేజర్ గారికి, గత నెల నుంచి నా జీతం 45 వేలకు తగ్గింది. తగ్గింపు లేఖ, జీతం స్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంట్ జతచేశాను. ఇంటి ఖర్చు 30 వేలు. మిగిలిన కాలాన్ని 36 నుంచి 60 నెలలకు పెంచితే నెలకు సుమారు 13,350 క్రమం తప్పక కట్టగలను. మొత్తం వడ్డీ సుమారు 83 వేలు పెరుగుతుందని తెలిసే అడుగుతున్నాను."

స్పేర్స్ షాప్: మా ఓవర్‌డ్రాఫ్ట్‌కి అడిగితే ముందు స్టాక్ లెక్క తెమ్మన్నారు. మీరూ సిద్ధం చేసుకోండి.

మాజీ లోన్ ఆఫీసర్: అది వ్యాపార ఖాతా కదా. వీరికి స్టాక్ ఎక్కడిది!

ఎదురీత: సరే, అంకె రాసినా 11 వేలు రాయండి. వాళ్లు 13కి లాగుతారు.

మాజీ లోన్ ఆఫీసర్: 11 వేలతో తీరాలంటే 80 నెలలు పడుతుంది. పర్సనల్ లోన్‌కి అంత గడువు దొరకడం కష్టం. పైగా స్టేట్‌మెంట్‌లో నెలాఖరు మిగులు కనిపిస్తూనే ఉంటుంది. ఇంకోటి, క్రెడిట్ రిపోర్టులో రీస్ట్రక్చర్ అయినట్టు పడొచ్చు, కొన్నాళ్లు కొత్త లోన్ కష్టం. అయినా ఈఎంఐ తప్పాక అడగడం కన్నా ఇదే నయం. ఇచ్చిన లెటర్ నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.

ఎదురీత: ఆ మచ్చ ఎన్నాళ్లుంటుందో చెప్పకుండా నయం అనేస్తే ఎలా?

జీతగాడు: రెండు ఈఎంఐలకు సరిపడా దాచుకున్న డబ్బుంది. అదీ లెటర్‌లో చెప్పాలా?

ఎదురీత: చెబితే ముందు అది కట్టమంటారు.

మాజీ లోన్ ఆఫీసర్: అనొచ్చు. నేనైతే రాస్తాను, జవాబొచ్చేదాకా పాత ఈఎంఐ దాంట్లోంచే కడతానని.