మొక్కజొన్న పెరిగాక రాడార్ చూపించేది మట్టి తేమా, ఆకులా?

పిక్సెల్_గుంటూరు: వరి కోసిన మళ్ళలో రబీ మొక్కజొన్న, దున్నకుండా వేసింది. సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం నుంచి VV సిగ్నల్, అంటే నిలువుగా పంపి నిలువుగానే అందుకున్నది, తీసి మట్టి తేమ మ్యాప్ చేస్తున్నా. మొదటి నెల తడి పెట్టిన ప్రతిసారీ గ్రాఫ్ లేచింది, మొక్క నడుం దాటాక తడి ఇచ్చినా ఇవ్వకపోయినా గీత ఒకేలా ఉంటోంది. మోడల్ మారిస్తే తేమ బయటికొస్తుందా, ఆ నెలలు వదిలేయాలా?

సిగ్నల్_సాయి: ఎందుకు వదిలేయడం బ్రో, నిలువుగా పంపి అడ్డంగా అందుకునే VH మొక్కని చూస్తుంది, VVలో మట్టి ఉంటుంది, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్. లేదా వాటర్ క్లౌడ్ మోడల్ పెట్టు, 1978 నుంచి జనం వాడుతున్నదే కదా.

మట్టి_మేడమ్: సాయి, ఆ మోడల్ పేరు కరెక్టే, మొక్క వాటా వేరు మట్టి వాటా వేరు అని విడగొడుతుంది. కానీ డీబీల్లో తీసేస్తే వచ్చేది నిష్పత్తి, మట్టి కాదు. పైగా VVలో కూడా మొక్కే ఎక్కువ, మొక్కజొన్న కాండాలు నిలువుగా ఉంటాయి కాబట్టి నిలువు ధ్రువణం ఉన్న VV తరంగాన్ని అవి బాగానే మింగేస్తాయి.

ఉదాహరణకి లెక్క వేసి చూడండి. ఉత్త నేల ఎండినప్పుడు -16, తడిసినప్పుడు -9 అనుకుందాం, అంటే 7 డీబీ తేడా. ఇప్పుడు పైన గుబురు పైరు ఉంది, పోయి రావడంలో మట్టి సిగ్నల్‌లో పదోవంతే మిగిలింది, పైరు తనంతట తాను -11 ఇస్తోంది. డీబీలు మామూలు అంకెల్లోకి మార్చి కూడితే ఎండు నేలకి -10.9, తడి నేలకి -10.4. ఏడు డీబీ కాస్తా అర డీబీ అయింది! ఒక ఎకరం పొలంలో స్పెకిల్ అనే రాడార్ చుక్కల గోల వల్లే దాదాపు అంత ఊగుతుంది, ఎందుకంటే పిక్సెల్ 10 మీటర్లని కనిపించినా అసలు రెజల్యూషన్ 20 మీటర్ల దగ్గర. ఇక మీ మోడల్ పైరు వాటాని అర డీబీ తప్పుగా ఊహిస్తే ఎండిన పొలం తడిసినట్టు మ్యాప్‌లో పడిపోతుంది, అదీ మంచి రంగుల్లో.

దాళ్వా_రైతుబిడ్డ: మేడమ్ మాది వరి. నాట్లకి ముందు చేను నిండా నీళ్ళు, మ్యాప్ మాత్రం పూర్తిగా ఎండిందని చూపించింది. మరి మీరు చెప్పిన లెక్కకి ఇది రివర్స్ కదా.

మట్టి_మేడమ్: అది వేరే సంగతి తమ్ముడూ. నిలిచిన నీళ్ళు అద్దంలా తరంగాన్ని అవతలికి పంపేస్తాయి, ఉపగ్రహానికి ఏమీ తిరిగిరాదు, అందుకే ముదురుగా పడుతుంది. తేమ ఫార్ములా దానికి వర్తించదు, ఆ పిక్సెళ్ళు ముందే తీసేయాలి.

పిక్సెల్_గుంటూరు: మరి ఊరంతా కలిపి యావరేజ్ చేస్తే? స్పెకిల్ పోతుంది కదా.

మట్టి_మేడమ్: స్పెకిల్ పోతుంది, పైరు పోదు. అందులో మీ ఊళ్ళో ఒకరు సోమవారం తడి పెడితే ఇంకొకరు శుక్రవారం పెడతారు, కలిపితే ఎవరి తేమా కాదు. వాన పడితే అందరికీ ఒకేసారి తడుస్తుంది, అప్పుడు యావరేజ్‌కి అర్థం ఉంది, కానీ ఆకుల మీద కూడా నీళ్ళుంటాయి. మనవైపు ఉదయపు పాస్ 6 గంటల ప్రాంతంలో, మంచు కురిసిన రోజు ఆకే సిగ్నల్ పెంచేస్తుంది, మట్టి తడిసిందనుకుంటాం.

అందుకే మీ రబీ మొక్కజొన్న పరీక్షకి మంచిది, వానల్లేవు, నీళ్ళు కింద పారతాయి. ఒకే వయసున్న పొలాలు తీసుకోండి, నిన్న తడి పెట్టినవి ఒక గుంపు, వారం పైగా పెట్టనివి ఒక గుంపు. ఒకే పాస్‌లో రెండు గుంపుల VV తేడా చూడండి. స్పెకిల్ కన్నా తేడా తగ్గిన తేదీ నుంచి మ్యాప్‌లో ఖాళీ వదిలేయండి.

ఎల్‌బ్యాండ్_అభిమాని: ఇంకా సెంటినెల్ సీ-బ్యాండ్ దగ్గరే కొట్టుకుంటున్నారా, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నిసార్ రాడార్ ఉపగ్రహం వెళ్ళింది, ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు, సెంటినెల్‌ది 5.6. ఆకుల్లోంచి దూసుకుపోతుంది, సమస్య అయిపోయింది.

మట్టి_మేడమ్: తగ్గుతుంది, అయిపోదు. పొత్తు నిండిన మొక్కజొన్నలో నీళ్ళు తక్కువేం ఉండవు, ఎల్-బ్యాండ్‌ని కూడా కొంత అడ్డుకుంటాయి, నేల గరుకుతనం ఎటూ ఉంటుంది. మళ్ళీ అదే చోటికి రావడానికి 12 రోజులు, ఈలోపు తడి పెట్టిన పై పొర ఆరిపోవచ్చు. రాడార్ చూసేది పై కొన్ని సెంటీమీటర్లే, వేర్లు తాగేది కిందనుంచి.

ఎల్‌బ్యాండ్_అభిమాని: అయినా ఖాళీ మ్యాప్ కన్నా అంచనా నయం కదండీ, రైతుకి ఏదో ఒకటి చెప్పాలి.

దాళ్వా_రైతుబిడ్డ: అన్నా, తడి ఉందని చెప్తే మేము మోటర్ వెయ్యం. పూత టైములో నీళ్ళు ఆపితే గింజ పట్టదు, అప్పుడు మీ అంచనా ఎవరు తింటారు?

పిక్సెల్_గుంటూరు: రెండు గుంపుల టెస్టు పెడతా. తడి తేదీలు కాలవ వారబందీ చిట్టాలో దొరుకుతాయేమో, బోర్ల వాళ్ళవి మాత్రం ఎక్కడ తేవాలో తెలీట్లేదు.