తొమ్మిది శాతమా, పద్నాలుగు శాతమా: మూడు లక్షల అప్పుకు ఏది చౌక?

ఖమ్మం టైలర్:
దుకాణంలోకి కొత్త మిషన్లు కొనడానికి మూడు లక్షల అప్పు కావాలి. ఒక ఫైనాన్స్ కంపెనీ 9 శాతం ఫ్లాట్ వడ్డీ అంటోంది, కిస్తు నెలకు 10,583 రూపాయలు, 36 నెలలు. బ్యాంకు 14 శాతం అంటోంది, కిస్తు 10,253 రూపాయలు, అవే 36 నెలలు. వడ్డీ ఐదు శాతం ఎక్కువైనప్పుడు బ్యాంకు కిస్తు తక్కువ ఎలా వచ్చింది? ఏది తీసుకోమంటారు?

పాత పద్దు:
తొమ్మిది శాతమంటే నూటికి నెలకు ముప్పావలా వడ్డీ. నేను నలభై ఏళ్ళుగా ప్రోనోట్లు రాసినవాడిని, రాయించుకున్నవాడిని. మా వైపు రెండు రూపాయల వడ్డీకి దొరికితేనే మంచి అప్పు అనుకుంటాము. ముప్పావలాకు ఇస్తామన్నవాడిని వదులుకోకండి. బ్యాంకు కిస్తు తక్కువగా కనిపిస్తోందంటే అందులో ఏదో కలపకుండా ఉంచారని, చివర్లో వసూలు చేస్తారని అర్థం.

ఆడిట్ గది:
బ్యాంకు చివర్లో వసూలు చేసేది ఏమీ లేదు. తేడా అంతా వడ్డీని దేని మీద కడుతున్నారన్న దానిలోనే ఉంది. కంపెనీ మూడు లక్షల మీద నెలకు 2,250 రూపాయల వడ్డీ వేసి, మీరు అసలు తీరుస్తూ పోతున్నా ఆ 2,250ని ముప్పై ఆరు నెలలూ అలాగే ఉంచుతుంది. అది 81,000 అవుతుంది. బ్యాంకు మొదటి నెల 3,500 వడ్డీ తీసుకుంటుంది, అంటే కంపెనీకన్నా ఎక్కువే. కానీ రెండో నెల నుంచి మిగిలిన అసలు మీదనే లెక్క కడుతుంది కాబట్టి అది నెలనెలా తగ్గుతూ, పదహారో నెలకల్లా 2,250 కన్నా కిందికి దిగి, చివరి నెలలో 118 రూపాయల దగ్గర ఆగుతుంది. మొత్తం కలిపితే 69,118 రూపాయలు. పేరుకు తొమ్మిది అయినది పద్నాలుగుకన్నా పన్నెండు వేలు ఎక్కువ తీసుకుంటోంది.

పాత పద్దు:
వడ్డీ అన్నది ఇచ్చిన అసలు మీదనే కదండీ కడతారు. నా దగ్గర లక్ష తీసుకున్నవాడు ఏడాదికి పన్నెండు వేలు ఇస్తే అది రూపాయి వడ్డీ. దాన్ని ఎవరూ పన్నెండుకన్నా ఎక్కువ శాతం అనరు.

ఆడిట్ గది:
మీ లెక్క సరైనదే, అయితే అది ప్రోనోటు లెక్క. మీ దగ్గర లక్ష తీసుకున్నవాడు ఏడాది చివరిదాకా లక్షనూ తన దగ్గరే ఉంచుకుని వాడుకుంటాడు, కాబట్టి అతనికి పన్నెండు వేలంటే పన్నెండు శాతమే. కిస్తుల అప్పులో ఆ లక్ష మొదటి నెల నుంచే వెనక్కి వెళ్ళిపోతూ ఉంటుంది. టైలర్ గారి అప్పులో మూడేళ్ళ సగటు తీస్తే ఆయన చేతిలో నిజంగా ఉండే అసలు సుమారు లక్షా అరవై ఆరు వేలు మాత్రమే, కానీ ఏటా 27,000 వడ్డీ కట్టేది మూడు లక్షల లెక్కన. ఆ 27,000ని లక్షా అరవై ఆరు వేలతో పోల్చి చూడండి, పదహారు శాతం దాటుతుంది. మీరు ఎవరికైనా మూడు లక్షలిచ్చి, వారు సగానికి పైగా తీర్చిన తరువాత కూడా పూర్తి మూడు లక్షల మీద వడ్డీ అడుగుతారా?

పాత పద్దు:
నేను అలా ఎన్నడూ అడగలేదు.

గుంటూరు బండి:
నా అనుభవం చెబుతాను. రెండేళ్ళ క్రితం స్కూటర్ కొన్నప్పుడు కిస్తు ఎంత అని మాత్రమే అడిగాను. షోరూంలో కూర్చున్న ఫైనాన్స్ ప్రతినిధి చాలా తక్కువ శాతం చెప్పాడు. సంతకాలయ్యాక చూస్తే ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంటు చార్జీలు, నేను అడగని ఒక బీమా, అన్నీ అప్పులోనే కలిపి ఉన్నాయి. ఆ రోజు నన్ను మోసం చేసింది శాతం కాదు, ఆ చార్జీలు. కాబట్టి టైలర్ గారు మొదట ఫీజుల గురించి అడగాలి, శాతాల గురించి తరువాత మాట్లాడవచ్చు.

ఆడిట్ గది:
ఫీజులు, శాతం అని రెండు వేర్వేరు ప్రశ్నలు లేవండీ. చేతికి వచ్చేది ఎంత, ఏ నెలలో ఎంత తిరిగి ఇస్తున్నాము అన్న రెండు సంగతులు తెలిస్తే ఫీజులన్నీ దానంతట అవే లెక్కలోకి వస్తాయి. టైలర్ గారూ, రెండు చోట్లా ఖాతాలో పడే సొమ్ము ఎంతో అడిగి చెప్పండి. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇటువంటి అప్పులకు అప్పు ముఖ్య వివరాలన్నీ రాసి ఉండే కేఎఫ్ఎస్ అనే కాగితం ముందుగానే ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది. వడ్డీతో పాటు ఫీజులనూ, అప్పు ఇచ్చేవారి ద్వారా వసూలయ్యే బీమా వంటి ఖర్చులనూ అందులో కలపాలి.

ఖమ్మం టైలర్:
బ్యాంకు కాగితం ఇచ్చింది. ఫీజు ఒక శాతం, జీఎస్టీతో 3,540 రూపాయలు పట్టుకుని 2,96,460 ఇస్తారట. కంపెనీ మనిషి కాగితం సంతకాల రోజున ఇస్తానన్నాడు. ఫోనులో చెప్పిన ప్రకారం ఫీజు రెండు శాతం, జీఎస్టీతో 7,080, బీమా 4,920, అంటే చేతికి 2,88,000. మిషన్లకు మూడు లక్షలు పూర్తిగా కావాలి, ఆ పన్నెండు వేలు నేను మళ్ళీ ఎక్కడో తేవాలి.

ఆడిట్ గది:
కాగితం సంతకాల రోజున ఇస్తాననడమే మీరు జాగ్రత్తపడవలసిన గుర్తు. చదివి ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఆ షరతులు నిలిచి ఉండాలి. ఇక మీ అంకెలను ఫోనులోని స్ప్రెడ్‌షీటులో మీరే వేసుకోవచ్చు.

```
=RATE(36,-10583.33,288000)*12
=RATE(36,-10253.28,296460)*12
```

మొదటిది 19.2 శాతం దగ్గర, రెండోది 14.8 శాతం దగ్గర వస్తాయి. చేతికి వచ్చే సొమ్ము దగ్గర మూడు లక్షలని వేస్తే ఫీజులు లెక్కలోకి రాకుండా పోతాయి, చాలామంది తప్పు చేసేది అక్కడే.

పాత పద్దు:
ఒప్పుకుంటున్నాను, ముప్పావలా అన్న నా మాట తప్పే. అయితే ఈ సూత్రం కూడా అవసరం లేదంటాను. ఒకచోట 2,88,000 తీసుకుని 3,81,000 కడుతున్నారు, అంటే 93,000 ఖర్చు. రెండోచోట 2,96,460 తీసుకుని 3,69,118 కడుతున్నారు, అంటే 72,658. ఇరవై వేల తేడా కూడికలు, తీసివేతలతోనే తేలిపోయింది. ఏ ఇల్లాలైనా చేసుకోగల లెక్కను శాతాలు పెట్టి కష్టం చేయడం ఎందుకు?

ఆడిట్ గది:
ఇక్కడ గడువు రెండింటికీ ఒకటే కాబట్టి తేలింది. గడువు మారితే మీ తీసివేత ఒకటి చెబుతుంది, ఏపీఆర్ మరొకటి చెబుతుంది.

ఖమ్మం టైలర్:
ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బ్యాంకువారు అదే 14 శాతానికి 60 నెలలూ ఇస్తామన్నారు. కిస్తు 6,980. ఆ కాగితంలో ఏపీఆర్ 14.5 అని ఉంది, 36 నెలల దానికన్నా తక్కువ. మరి అది ఇంకా చౌక అనుకోవాలా?

పాత పద్దు:
చూశారా! శాతాన్ని నమ్మితే ఇక్కడికే వస్తాము. అరవై కిస్తులు కడితే 4,18,829. ఫీజు కూడా కలిపితే ఖర్చు లక్షా ఇరవై రెండు వేలు దాటింది, అంటే మూడేళ్ళ దానికన్నా దాదాపు యాభై వేలు ఎక్కువ. దీన్ని మీ కాగితం చౌక అంటోంది.

ఆడిట్ గది:
అదే ఫీజు అరవై నెలల మీద పరుచుకుంది కాబట్టి ఆ శాతం కొద్దిగా తగ్గింది, అందులో తప్పేమీ లేదు. ఎక్కువ కాలం ఎక్కువ సొమ్మును వాడుకుంటే ఎక్కువ వడ్డీ కడతారు. ఏపీఆర్ అనేది సొమ్ము అద్దె రేటు. ఎన్నాళ్ళు అద్దెకు ఉండాలో అది చెప్పదు. ఇది అర్థం కానప్పుడు ఆ అంకెను తప్పుపట్టకూడదు.

పాత పద్దు:
అర్థం కాక కాదండీ. మీరు చదువుకున్నవారు, అద్దె రేటు అని అందంగా చెప్పగలరు. మా తమ్ముడు ఇలాగే, శాతం తగ్గింది కదా అని పాత అప్పును పొడిగించుకుంటూ, మీద మరికొంత తీసుకుంటూ పదకొండేళ్ళు కిస్తులు కట్టాడు. ప్రతిసారీ రేటు తగ్గిందనే చెప్పేవారు. ఇంట్లో ఆ కిస్తు లేని నెల మా మరదలు చూడలేదు. శాతం తక్కువని అప్పులో ఎక్కువ రోజులు ఉండమని ఎవరు చెప్పినా నాకు కోపం వస్తుంది.

ఆడిట్ గది:
అప్పులో ఎక్కువ రోజులు ఉండమని నేను అనలేదు. మీ తమ్ముడి సంగతి విన్నాక మీ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది, నా మాటలో కటుత్వం ఉంటే క్షమించండి. అయినా ఒక మాట అడగాలి. కిస్తు ఎక్కువై ఒక నెల తప్పితే జరిమానా పడుతుంది, క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది, అప్పుడు ఎక్కువ వడ్డీకి చేబదులు తేవలసి వస్తుంది. ఆ ఖర్చు మీ తీసివేతలో గానీ, నా సూత్రంలో గానీ కనిపించదు. టైలర్ గారు నెలకు ఎంత కట్టగలరో మనలో ఎవరమూ అడగలేదు.

ఖమ్మం టైలర్:
మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్ళిళ్ళ పని ఉంటుంది, అప్పుడు పది వేలు నాకు కష్టం కాదు. ఆషాఢంలో అద్దె, కుర్రవాళ్ళ కూలి పోగా ఏడు వేలు మిగలడమే గొప్ప. శ్రావణంలో మళ్ళీ కోలుకుంటాను.

గుంటూరు బండి:
అలాగైతే ఐదేళ్ళది తీసుకుని, పెళ్ళిళ్ళ నెలల్లో అదనంగా అసలుకు కట్టుకోండి.

ఆడిట్ గది:
ఆ దారి మంచిదే, కానీ రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. వడ్డీ స్థిరంగా ఉండే అప్పయితే, అదనంగా కట్టిన అసలు మీద బ్యాంకు చార్జీ వేయవచ్చు. ఎంతో, ఏడాదికి ఎన్నిసార్లు కట్టనిస్తారో ఆ కాగితాలలోనే వెతకండి. రెండోది, అదనంగా కట్టినప్పుడు కిస్తు తగ్గిస్తారా, గడువు తగ్గిస్తారా అని అడిగి, గడువే తగ్గించమని రాసివ్వండి. కిస్తు తగ్గిస్తే ఐదేళ్ళూ అలాగే ఉంటాయి, వడ్డీ అనుకున్నంత మిగలదు. అప్పును ముందే తీర్చేస్తే ఫీజు తక్కువ నెలల మీద పడుతుంది కాబట్టి, నిజంగా పడే వార్షిక భారం కాగితం మీది 14.5 కన్నా కొంత పైకి వెళుతుంది. బ్యాంకు ఫీజు చిన్నది కాబట్టి అది పెద్దగా బాధించదు. కంపెనీ అప్పులో అయితే ముందే తీర్చినా ఆ పన్నెండు వేలలో ఫీజు తిరిగి రాదు, బీమా సొమ్ములో ఎంత తిరిగి ఇస్తారో పాలసీ షరతులలో చూడాలి.

పాత పద్దు:
అదనంగా కడతామని అనుకోవడం వేరు, కట్టడం వేరు. పెళ్ళిళ్ళ నెలల్లో చేతికి వచ్చిన డబ్బుకు పది దారులు ఉంటాయి. నాకైతే 48 నెలలకు కిస్తు ఎంతవుతుందో అడగమని చెప్పాలనిపిస్తోంది.

ఖమ్మం టైలర్:
కంపెనీని వదిలేస్తున్నాను, అందులో సందేహం లేదు. సోమవారం బ్యాంకుకు వెళ్ళి 48 నెలల కాగితం, అదనపు చెల్లింపు చార్జీ రెండూ అడుగుతాను. ఆషాఢం కిస్తు ఎలా కట్టాలన్నది మాత్రం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.