స్ట్రీమింగ్‌లో ఎర్ర అక్షరాలు అలుక్కుపోతున్నాయి: బిట్‌రేట్ పెంచితే తీరుతుందా?

తొలిఅడుగు: మేడమీది గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్‌ను, దాని తెరను పంపే సన్‌షైన్, అందుకుని చూపే మూన్‌లైట్ అనే ప్రోగ్రాముల ద్వారా పాత ల్యాప్‌టాప్‌లో చూస్తూ వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. కంప్యూటర్ తెర 1920×1080, ల్యాప్‌టాప్ తెర 1366×768. అక్షరాలన్నీ కాస్త మసకగా ఉన్నాయి, ఎర్రవైతే పూర్తిగా అలుక్కుపోతున్నాయి. బిట్‌రేట్ పెంచాలా?

చిత్రిక: తప్పకుండా పెంచండి. 1080 తెరకు, సెకనుకు 60 ఫ్రేములకు మూన్‌లైట్ తానుగా ఎంచుకునే బిట్‌రేట్ సెకనుకు 20 మెగాబిట్లు మాత్రమే. నేను 80 పెట్టిన రోజు నుండి మసక అన్న మాటే లేదు.

దూరపుచూపు: నేను వేరే ఊరి నుండి కలుపుతాను. ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ వేగమే అడ్డు, ముందు దాన్ని చూసుకోండి.

నిశిత: దూరపుచూపు గారూ, వీరి రెండు యంత్రాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి, కాబట్టి అప్‌లోడ్ ప్రసక్తి రాదు. ఇక్కడ రెండు వేర్వేరు లోపాలు కలిసిపోయాయి. అన్ని రంగుల అక్షరాలూ కదలకుండా ఉన్నప్పుడు కూడా మసకగా ఉంటే, 1080 చిత్రాన్ని చిన్న తెరకు కుదించడమే కారణం. అందుకు మూన్‌లైట్‌లో కొలత మార్చితే చాలదు. కంప్యూటర్ డెస్క్‌టాప్‌ను కూడా 1366×768కు మార్చకపోతే సన్‌షైన్ పెద్ద చిత్రాన్నే కుదించి పంపుతుంది. ఎర్ర అక్షరాల సంగతి వేరు. మామూలు వీడియో పద్ధతి 4:2:0లో వెలుగు ప్రతి పిక్సెల్‌కూ విడిగా వెళుతుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే వెళుతుంది. నలుపు మీద సన్నని ఎర్ర గీతకు వెలుగులో తేడా తక్కువ, రంగులో తేడా ఎక్కువ, అందుకే అది పక్కలకు పాకుతుంది. పంపకముందే పోయిన సమాచారాన్ని ఎన్ని మెగాబిట్లూ తిరిగి తేలేవు.

చిత్రిక: నా కళ్లతో చూసినదాన్ని మీరు కాదంటున్నారు. 80 పెట్టాక నా చిత్రం బాగుపడింది.

నిశిత: బాగుపడి ఉంటుంది, ఎందుకంటే మీరు చూసింది కదిలే దృశ్యం అయి ఉండాలి. కదలికలో చిత్రం గడులు గడులుగా విరగడం బిట్‌రేట్ లోపమే, అక్కడ మీ మాట నిజం. కానీ ఆయన అడిగింది కదలని ఎర్ర అక్షరం గురించి.

చిత్రిక: ఒక్క ఎర్ర అక్షరాన్ని పట్టుకుని మీరు అసలు పనిని వదిలేస్తున్నారు! నేను స్ట్రీమింగ్‌లోనే రంగులు సరిచేసి ఇచ్చిన వీడియో, ముఖాలు మరీ ఎర్రగా ఉన్నాయని తిరిగి వచ్చింది. రెండు రాత్రుల కష్టం, పైగా మాట పోయింది. కంప్యూటర్ ఉన్న గదిలో పసిబిడ్డ నిద్రపోతుంది. రాత్రి నాకు ఈ ల్యాప్‌టాప్ తప్ప వేరే దారి లేదు. స్ట్రీమింగ్‌లో చూసిన రంగును నమ్మవచ్చా లేదా, అది చెప్పండి.

నిశిత: ఈ మాట మొదటే చెప్పి ఉంటే మనం ఇంతసేపు వాదించుకునేవాళ్లం కాదు. నా అభిప్రాయంలో కత్తిరింపు, కూర్పు, అక్షరాలు చదవడం వరకే స్ట్రీమింగ్‌ను నమ్మాలి. మూన్‌లైట్‌లో Enable YUV 4:4:4 (Experimental) అనే అమరిక రంగును కూడా ప్రతి పిక్సెల్‌కూ విడిగా పంపి అక్షరాల అంచులను బాగుచేస్తుంది, కానీ ల్యాప్‌టాప్ తెర చూపించే రంగునే మార్చలేదు. ఆ ముఖాలు మీ తెర మీద పాలిపోయినట్లు కనిపించి, మీరు ఎరుపు పెంచి ఉండవచ్చు. రాత్రి పని తప్పనిసరైతే ఎడిటర్‌లో వెలుగును కొలిచే వేవ్‌ఫారమ్, రంగును కొలిచే వెక్టర్‌స్కోప్ అనే గ్రాఫులను చూసి సరిచేయండి. ఆ గ్రాఫులను పెద్ద కంప్యూటరే అసలు ఫ్రేమ్ నుండి లెక్కిస్తుంది, కాబట్టి స్ట్రీమింగ్ వాటి విలువలను చెడగొట్టదు.

చిత్రిక: గ్రాఫు చూసి ముఖానికి ప్రాణం పోయలేము. వెలుగు హద్దులు దాటిందో లేదో అది చెబుతుంది, ఆ మనిషి అలసిపోయినట్లు కనిపిస్తున్నాడో లేదో చెప్పదు.

నిశిత: అందుకే చివరి చూపు పగటిపూట అసలు తెర మీద ఉండాలంటున్నాను.

తొలిఅడుగు: మీరు చెప్పినవి చేసి చూశాను. రెండు వైపులా 1366×768 పెట్టగానే తెల్ల అక్షరాలు పదునుగా వచ్చాయి, ఎర్రవి రాలేదు. 80 మెగాబిట్లకు పెంచినా అవి అలాగే ఉన్నాయి. 4:4:4 పెట్టగానే ఎర్రవి కూడా స్పష్టమయ్యాయి, కానీ మౌస్ వెనకబడింది. Ctrl+Alt+Shift+S నొక్కి చూస్తే, ఒక్కో ఫ్రేమును విప్పడానికి పట్టే Average decoding time 5 మిల్లీసెకన్ల నుండి 24కు చేరింది.

నిశిత: 60 ఫ్రేములంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. 4:4:4ను విప్పే భాగం మీ ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌లో లేక, ఆ భారం ప్రాసెసర్ మీద పడి ఉండాలి. 30 ఫ్రేములకు తగ్గిస్తే 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి, అందులో 24 ఇముడుతుంది.

తొలిఅడుగు: 30లో మౌస్ దారికి వచ్చింది. అయితే టైమ్‌లైన్‌ను వేగంగా జరిపేటప్పుడు కోయవలసిన చోటు దాటిపోతున్నాను. కోసేటప్పుడు 60, పేర్లు రాసేటప్పుడు 4:4:4తో 30 పెట్టుకుంటాను.

చిత్రిక: నేను ఈ రాత్రి స్కోపులతో ఒక ముఖాన్ని సరిచేసి, రేపు పగలు అసలు తెర మీద చూస్తాను. తేడా కనిపిస్తే ఆ ఫ్రేమును ఇక్కడే పెడతాను.